తిరగరాసిన పోస్టుకు ఏ ఎత్తుగడ మేలు? రెండు రూపాలను పరీక్షించే పద్ధతి

ఒక పాత పోస్టును తిరగరాస్తున్నప్పుడు దానికి రెండు ఎత్తుగడలు, అంటే రెండు రకాల తొలి వాక్యాలు తోచడం, ఆ రెండింటిలో ఏది పాఠకులను లోపలికి తీసుకువెళుతుందో తేల్చుకోలేకపోవడం రాసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు. చాలామంది ఒక రూపాన్ని సోమవారం, రెండో రూపాన్ని గురువారం ప్రచురించి, ఎక్కువ లైకులు వచ్చినదాన్ని ఖాయం చేసుకుంటారు. అయితే ఆ రెండు రోజుల మధ్య చాలా విషయాలు మారిపోయి ఉంటాయి. చదివినవారు వేరు, వారికి దొరికిన తీరిక వేరు, ఆ రోజు అందరూ మాట్లాడుకుంటున్న విషయం వేరు, పైగా గురువారం చూసినవారిలో కొందరు సోమవారమే ఆ విషయాన్ని చదివేసి ఉంటారు. వచ్చిన తేడాలో ఎత్తుగడ వాటా ఎంత, మిగిలినవాటి వాటా ఎంత అన్నది ఆ తరువాత ఎవరూ విడదీసి చెప్పలేరు.

కాబట్టి రెండు రూపాలనూ ఒకే కాలంలో, ఒకే రకం పాఠకులకు, ఎవరికి ఏది కనిపించాలన్నది పూర్తిగా యాదృచ్ఛికంగా నిర్ణయించి చూపడమే ఈ పరీక్షకు ఆయువుపట్టు. పోస్టు మీ అధీనంలోని పేజీలో ఉండి, ఎత్తుగడ మాత్రమే ముందుగా కనిపించి, దాని కింద ‘పూర్తిగా చదవండి’ అనే బటన్ ఉన్న సందర్భాన్ని తీసుకుని ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా వివరిస్తాను. పాఠకులను మీరే విభజించగల వీలు ఉన్నది అక్కడే. ఆ వీలు లేని సామాజిక మాధ్యమాల సంగతి తరువాత చూద్దాం.

ముందుగా రెండు రూపాలను సిద్ధం చేసుకోండి

రెండు రూపాల మధ్య ఎత్తుగడ తప్ప మరేదీ మారకూడదు. శీర్షిక, బొమ్మ, ఎత్తుగడ తరువాత వచ్చే పోస్టు ఒళ్లు, ముగింపు, బటన్ మీది మాట, పంచుకున్నప్పుడు కనిపించే చిన్న పరిచయం, అన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒకటిగానే ఉండాలి. తిరగరాసే ఉత్సాహంలో ఉన్నవారికి ఇది చాలా కష్టం. రెండో ఎత్తుగడ రాస్తున్నప్పుడు దానికి అతికేలా రెండో పేరాను కూడా కొంచెం సవరించాలనిపిస్తుంది. ఆ కోరికను ఆపుకోండి. రెండో పేరాను మార్చక తప్పదనిపిస్తే రెండు రూపాల్లోనూ ఒకేలా మార్చండి.

ఒక ఉదాహరణను ఎంచుకుందాం. ఫోనులోని ఫోటోలను మరొక చోట భద్రపరచుకోవడం ఎలాగో చెప్పే పోస్టును మీరు తిరగరాశారనుకోండి. మొదటి దాన్ని ‘క’ రూపం అందాం. అది ఇలా మొదలవుతుంది:

“ఈ రోజుల్లో మనం తీసే ఫోటోలన్నీ ఫోనులోనే ఉండిపోతున్నాయి. వాటిని క్రమం తప్పకుండా మరొక చోట భద్రపరచుకోవడం అవసరం. అందుకు సులువైన మార్గాలను ఈ పోస్టులో చూద్దాం.”

‘ఖ’ రూపం ఇలా మొదలవుతుంది:

“ఫోను నీళ్లలో పడి తెర ఆరిపోయిన తరువాత గుర్తుకొస్తుంది, పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు మరెక్కడా లేవని. ఆ పరిస్థితి రాకుండా ఈ రోజే చేయదగిన ఏర్పాటు ఒకటి ఉంది.”

మొదటిది విషయాన్ని పరిచయం చేసి, ఏం చెప్పబోతున్నారో ప్రకటిస్తుంది. రెండోది నష్టం జరిగిన క్షణాన్ని కళ్ల ముందు నిలిపి, పరిష్కారం ఉందని మాట ఇస్తుంది. రెండింటి నిడివీ దాదాపు సమానమే. ఇది గమనించవలసిన అంశం. ఒకటేమో రెండు వరుసలు, మరొకటేమో ఆరు వరుసలు అయితే గెలిచినది ధోరణి వల్ల గెలిచిందో, క్లుప్తత వల్ల గెలిచిందో తెలియదు. అలాగే రెండు ఎత్తుగడలు మరీ దగ్గరగా ఉంటే, అంటే ఒకే వాక్యంలో ఒక విశేషణాన్ని మార్చి ఊరుకుంటే, వచ్చే తేడా అతి చిన్నదిగా ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి చాలామంది పాఠకులు కావాలి. మొదటిసారి పరీక్షించేవారు ధోరణిలో స్పష్టమైన తేడా ఉన్న రెండు ఎత్తుగడలను తీసుకోవడమే మంచిది.

ఎత్తుగడ ఇచ్చే మాటను పోస్టు ఒళ్లు నిలబెట్టుకోవాలన్నది మరొక షరతు. ‘ఖ’ రూపం ‘ఈ రోజే చేయదగిన ఏర్పాటు’ అంటోంది కనుక ఆ ఏర్పాటు పోస్టులో నిజంగా ఉండాలి. లేకపోతే పరీక్షలో నెగ్గేది అబద్ధపు ఆశే అవుతుంది.

ఏది కొలవాలో ముందే రాసి పెట్టుకోండి

‘ఎంగేజ్‌మెంట్’ అన్న మాట కింద లైకులు, కామెంట్లు, షేర్లు, క్లిక్కులు, చదివిన సమయం అన్నీ కలిసిపోతాయి. పరీక్ష ముగిసిన తరువాత వీటన్నింటినీ ముందు పరచుకుని, ఏదో ఒకదానిలో మీకు నచ్చిన రూపం ముందున్నట్టు కనిపించగానే దాన్నే తీర్పుగా తీసుకోవడం చాలా తేలిక. పది కొలతలను చూస్తే ఏదో ఒకటి యాదృచ్ఛికంగానే తేడా చూపే అవకాశం బాగా పెరుగుతుంది. అందుకే తీర్పు ఇచ్చే కొలతను ఒకే ఒక్కదాన్ని ఎంచుకుని, పరీక్ష మొదలుపెట్టక ముందే తేదీతో సహా రాసి పెట్టుకోండి.

ఎత్తుగడ పని పాఠకుణ్ణి లోపలికి రప్పించడం. కాబట్టి దానికి నేరుగా సంబంధించిన కొలత ‘ఎత్తుగడ కనిపించినవారిలో ఎంతమంది పూర్తిగా చదవండి అన్న బటన్ నొక్కారు’ అన్న శాతం. దీన్ని తెరిచిన శాతం అందాం. లైకులు, కామెంట్లు ఎత్తుగడ కంటే ఒళ్లు మీద ఎక్కువగా ఆధారపడతాయి కనుక వాటిని తీర్పుకు వాడకండి. కామెంట్లతో మరొక చిక్కు కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు పాఠకులు ఒక విషయం మీద వాదించుకుంటే ఒక రూపం కింద నలభై కామెంట్లు చేరతాయి. అవి నలభై మంది ఆసక్తికి గుర్తు కావు. ఏది కొలిచినా చర్యలను లెక్కపెట్టకుండా మనుషులను లెక్కపెట్టండి. ఒకే వ్యక్తి బటన్‌ను మూడుసార్లు నొక్కినా ఒక్కటిగానే పరిగణించాలి.

తీర్పు కొలతకు తోడుగా ఒక కాపలా కొలత కూడా ఉండాలి. ఎత్తుగడ ఆకర్షణీయంగా ఉండి లోపలికి రప్పించినా, వచ్చినవారు నిరాశతో వెనుదిరిగితే ఆ గెలుపు వల్ల మీకూ పాఠకులకూ ఒరిగేదేమీ లేదు. పోస్టు చివరి పేరా తెర మీదకు వచ్చినవారి సంఖ్య ఇందుకు సరిపోతుంది.

ఎంతమంది పాఠకులు కావాలో లెక్కకట్టండి

ఈ లెక్కను చాలామంది వదిలేస్తారు. పరీక్షలు తప్పుదారి పట్టడానికి అన్నింటికంటే పెద్ద కారణం అదేనని నా అభిప్రాయం. లెక్కకు రెండు అంకెలు చాలు. ఇప్పటిదాకా మీ పోస్టులను తెరిచినవారు సుమారు ఎంత శాతం, ఎంత తేడా వస్తే మీరు ఎత్తుగడను మార్చుకోవడానికి సిద్ధపడతారు. మొదటిదాన్ని p అని, రెండోదాన్ని d అని అనుకుంటే ఒక్కొక్క రూపానికి కావలసిన పాఠకుల సంఖ్య సుమారుగా ఇలా వస్తుంది:

```
n = 16 × p × (1 − p) ÷ d²
```

మన ఉదాహరణలో ఇదివరకు 10 శాతం మంది తెరుస్తున్నారనీ, అది కనీసం 13 శాతానికి మారితేనే మీకు ముఖ్యమనీ అనుకుందాం. అప్పుడు p అంటే 0.10, d అంటే 0.03. లెక్క చేస్తే ఒక్కొక్క రూపానికి 1600 మంది, మొత్తం 3200 మంది కావాలి. ఇందులోని 16 అన్న అంకె ఒక ఒప్పందం నుంచి వచ్చింది. నిజంగా అంత తేడా ఉంటే దాన్ని 80 శాతం సందర్భాల్లో పట్టుకోవాలి, అసలు తేడాయే లేనప్పుడు ఉన్నట్టు పొరబడే అవకాశం 5 శాతానికి మించకూడదు అన్నదే ఆ ఒప్పందం.

3 శాతం పాయింట్ల తేడాకు బదులు 1 పాయింటు తేడాను పట్టుకోవాలంటే అదే సూత్రం 14,400 మందిని అడుగుతుంది, అదీ ఒక్కొక్క రూపానికి. తేడా మూడో వంతుకు తగ్గితే పాఠకులు తొమ్మిది రెట్లు కావాలి. మీ పోస్టును నెలంతా కలిపి ఐదు వందల మంది మాత్రమే చూసేటట్టయితే ఈ పరీక్ష మీకు చెప్పగలిగేది చాలా తక్కువ. అలాంటప్పుడు మీ పాఠకుల్లో ఐదారుగురిని కూర్చోబెట్టి, రెండు ఎత్తుగడలనూ చదివించి, ఎక్కడ ఆగిపోయారో అడిగి తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగకరం.

ఆ తరువాత రోజులను లెక్కకట్టండి. పోస్టును రోజుకు సుమారు 235 మంది చూస్తారనుకుంటే 3200 మంది చేరడానికి 14 రోజులు పడుతుంది. మీ లెక్కలో 11 రోజులు వచ్చినా 14కు పొడిగించండి, ఎందుకంటే పని రోజుల పాఠకులు, సెలవు రోజుల పాఠకులు ఒకేలా చదవరు. పరీక్షాకాలంలో పూర్తి వారాలే ఉండాలి.

పాఠకులను విభజించండి

ఎవరికి ఏ రూపం అన్నది బొమ్మా బొరుసుతో సమానమైన యాదృచ్ఛికతతోనే నిర్ణయం కావాలి. 1920లలో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ పొలం మడులకు ఎరువులను కేటాయించడంలో పట్టుబట్టింది దీనికోసమే. మనకు తెలిసిన భేదాలు, తెలియని భేదాలు రెండు వైపులా దాదాపు సమానంగా పంపిణీ కావడానికి ఇంతకంటే నమ్మదగిన మార్గం లేదు. పొద్దున వచ్చినవారికి ఒకటి, రాత్రి వచ్చినవారికి మరొకటి అన్న పంపకం యాదృచ్ఛికం కాదు. ఫోనులో చదివేవారికి ఒకటి, కంప్యూటరులో చదివేవారికి మరొకటి అన్నదీ అంతే.

మీ పేజీలో ఈ చిన్న కోడ్ ఆ పని చేస్తుంది:

```javascript
let v = localStorage.getItem("opening");
if (!v) {
  v = Math.random() < 0.5 ? "క" : "ఖ";
  localStorage.setItem("opening", v);
}
```

మొదటిసారి వచ్చిన పాఠకుడికి ఇది ఒక రూపాన్ని కేటాయించి, ఆ కేటాయింపును అతని బ్రౌజరులోనే దాచి ఉంచుతుంది. మళ్లీ వచ్చినా అదే రూపం కనిపిస్తుంది. ఒకే మనిషి ఒకసారి ‘క’, మరొకసారి ‘ఖ’ చూస్తే అతను నొక్కిన బటన్‌ను ఎవరి ఖాతాలో వేయాలో తెలియదు కనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. ఒకే వ్యక్తి ఫోనులో ఒకసారి, కంప్యూటరులో ఒకసారి చూస్తే ఇద్దరిగా లెక్కకు వస్తాడన్న లోపం మిగులుతుంది. అది రెండు రూపాలకూ సమానంగా వర్తిస్తుంది కనుక దానికి పెద్దగా కంగారు పడనవసరం లేదు.

అసలు జాగ్రత్త పడవలసినది రూపం తెర మీదకు వచ్చే తీరు విషయంలో. పేజీ ముందుగా ‘క’ రూపంతో తెరుచుకుని, అర సెకను తరువాత కొందరికి ‘ఖ’గా మారితే ఆ మెరుపును పాఠకులు గమనిస్తారు. అలా కాకుండా ‘ఖ’ రూపాన్ని వేరే చిరునామాకు మళ్లించి చూపితే ఆ పేజీ కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఓపిక లేనివారు లెక్కలోకి రాకముందే వెళ్లిపోతారు. అప్పుడు ‘ఖ’ వైపు మిగిలేది ఓపికమంతులే. వారు ఏ ఎత్తుగడనైనా ఎక్కువగా తెరుస్తారు. రెండు ఎత్తుగడలనూ ఒకే పేజీలో దాచి ఉంచి, కేటాయింపు జరిగిన తరువాత మాత్రమే ఒకదాన్ని చూపడం సరైన పద్ధతి. ఎత్తుగడ తెర మీద నిజంగా కనిపించినప్పుడే ఆ పాఠకుణ్ణి ‘చూసినవారి’ లెక్కలో చేర్చండి. మీరు, మీ తోటివారు చూసిన సందర్భాలను లెక్క నుంచి తీసివేయండి.

నడుస్తున్నప్పుడు చేయి పెట్టకండి

పరీక్ష మొదలైన తరువాత ప్రతి సాయంత్రమూ అంకెలు చూసుకోవాలనిపించడం సహజం. చూడడంలో తప్పు లేదు, చూసి ఆపడంలోనే తప్పు ఉంది. మన ఉదాహరణలో మూడో రోజు సాయంత్రానికి ‘క’ చూసిన 352 మందిలో 39 మంది తెరిచారనీ, ‘ఖ’ చూసిన 349 మందిలో 34 మంది తెరిచారనీ అనుకుందాం. 11.1 శాతం, 9.7 శాతం. ఆ సాయంత్రమే ఆపేస్తే ‘క’ గెలిచిందని రాసుకుంటారు. చివరి లెక్కలో ఏమైందో కాసేపట్లో చూస్తారు. తక్కువ మందితో వచ్చే శాతాలు అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. తేడా లేని రెండు రూపాలను పరీక్షిస్తూ, మధ్యలో సమాన దూరంలో 5 సార్లు లెక్క చూసి, ఎప్పుడు తేడా ఖాయమనిపిస్తే అప్పుడు ఆపేస్తామన్న నియమం పెట్టుకుంటే పొరబడే అవకాశం 5 శాతం నుంచి దాదాపు 14 శాతానికి పెరుగుతుంది. పది సార్లు చూస్తే అది 19 శాతానికి చేరుతుంది. సాంకేతికంగా ఏదో చెడిపోయిందని తెలిస్తే తప్ప ముందే నిర్ణయించుకున్న రోజు దాకా ఆగండి.

ఈ రెండు వారాల్లో పోస్టు ఒళ్లును సవరించకండి. అక్షరదోషం కనిపిస్తే రెండు రూపాల్లోనూ ఒకేసారి దిద్దండి. మీకు నచ్చిన ఎత్తుగడను ఎక్కడా ప్రత్యేకంగా ఉటంకించి ప్రచారం చేయకండి. ఆ మాటలు చదివి వచ్చినవారికి పేజీలో రెండో రూపం కనిపిస్తే వారు తికమక పడతారు.

ఫలితాన్ని చదవండి

పద్నాలుగో రోజు ముగిసేసరికి ‘క’ రూపాన్ని 1640 మంది చూసి 164 మంది తెరిచారనీ, ‘ఖ’ రూపాన్ని 1655 మంది చూసి 215 మంది తెరిచారనీ అనుకుందాం. వెంటనే శాతాల్లోకి దిగకండి. ముందు విభజన సరిగా జరిగిందో లేదో చూడండి. మొత్తం 3295 మంది. దాని వర్గమూలం సుమారు 57. సగం సగం పంచినప్పుడు రెండు వైపుల మధ్య అంత తేడా రావడం మామూలే. ఇక్కడ తేడా 15 మాత్రమే కనుక విభజన బాగానే ఉంది. ఆ తేడా వర్గమూలానికి మూడు రెట్లు, అంటే 170 దాటి ఉంటే ఎక్కడో ఒక రూపం ఆలస్యంగా తెరుచుకుంటోందనో, లెక్కలోకి రావడం లేదనో అర్థం. అలాంటప్పుడు శాతాలు ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టి, లోపం వెతికి, పరీక్షను మళ్లీ మొదలుపెట్టడమే దారి. ఈ తనిఖీ చిన్న విషయం కాదు. అప్‌వర్తీ అనే అమెరికన్ మీడియా సంస్థ 2013–2015 మధ్య తన కథనాల శీర్షికల మీద, బొమ్మల మీద జరిపిన 32,487 పరీక్షల వివరాలు 2021లో పరిశోధకుల కోసం వెలువడ్డాయి. వాటిలో కొంత కాలానికి చెందిన కొన్ని పరీక్షల్లో విభజన సరిగా జరగలేదని ఆ తరువాత బయటపడింది.

విభజన బాగున్నదని తేలాక శాతాలు చూడండి. ‘క’ 10.0 శాతం, ‘ఖ’ 13.0 శాతం, తేడా 3 పాయింట్లు. ఇదే పరీక్షను మరొకసారి జరిపితే ఈ తేడా కచ్చితంగా 3 అనే రాదు. అసలు తేడా ఏ హద్దుల మధ్య ఉండవచ్చో ఇలా తెలుసుకోవచ్చు:

```python
from math import sqrt
n1, x1 = 1640, 164
n2, x2 = 1655, 215
p1, p2 = x1/n1, x2/n2
se = sqrt(p1*(1-p1)/n1 + p2*(1-p2)/n2)
d = p2 - p1
print(d - 1.96*se, d + 1.96*se)
```

జవాబు సుమారు 0.008, 0.052 అని వస్తుంది. అంటే అసలు తేడా 0.8 పాయింట్ల నుంచి 5.2 పాయింట్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఈ హద్దుల్లో సున్నా లేదు కనుక ‘ఖ’ ఎక్కువమందిని లోపలికి రప్పించిందని చెప్పవచ్చు. అదే సమయంలో ‘మూడు పాయింట్లు పెరిగింది’ అని గట్టిగా ప్రకటించకూడదు. పెరిగింది ఒక పాయింటు కంటే తక్కువే కావచ్చు. హద్దుల మధ్యలో సున్నా ఉండి ఉంటే అప్పుడు చెప్పవలసిన మాట ‘ఈ పాఠకుల సంఖ్యతో తేడా తేలలేదు’ అని. ‘రెండూ సమానమే’ అన్నది దానికంటే చాలా పెద్ద మాట, దానికి ఈ లెక్క ఆధారం ఇవ్వదు.

ఇక కాపలా కొలత. తెరిచినవారిలో చివరి దాకా చదివినవారు ‘క’ వైపు 98 మంది, ‘ఖ’ వైపు 114 మంది అనుకుందాం. ఇక్కడ చాలామంది కాలు జారుతారు. 164లో 98 అంటే 60 శాతం, 215లో 114 అంటే 53 శాతం కనుక ‘ఖ’ వల్ల చదివే నాణ్యత పడిపోయిందని తేల్చేస్తారు. అయితే మనం యాదృచ్ఛికంగా విభజించింది ఎత్తుగడను చూసినవారిని, తెరిచినవారిని కాదు. ‘క’ లాంటి చప్పటి పరిచయాన్ని చూసి కూడా తెరిచినవారు ఆ విషయం ఇప్పటికే కావాలనుకుంటున్నవారు. ‘ఖ’ వారితో పాటు, ఆ విషయం గురించి అంతవరకు ఆలోచించని మరికొందరిని కూడా లోపలికి తెచ్చింది. ఆ కొత్తవారిలో కొందరు మధ్యలో వెళ్లిపోవడం వల్లనే శాతం తగ్గి కనిపిస్తుంది. రెండు గుంపులూ ఒకే రకం మనుషులు కానప్పుడు వారి శాతాలను పోల్చి ఎత్తుగడ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

సరైన పోలిక మళ్లీ చూసినవారి మీదనే జరగాలి. ‘క’ చూసిన 1640 మందిలో చివరి దాకా చదివినవారు 6.0 శాతం, ‘ఖ’ చూసిన 1655 మందిలో 6.9 శాతం. అదే కోడులో 98, 114 పెట్టి చూస్తే హద్దులు −0.8 నుంచి 2.6 పాయింట్ల దాకా వస్తాయి. మధ్యలో సున్నా ఉంది. కాబట్టి ‘ఖ’ ఎక్కువమందిని లోపలికి రప్పించిందని తేలింది, పూర్తిగా చదివేవారిని పెంచిందో లేదో తేలలేదు. తగ్గించిందనడానికి మాత్రం ఆధారం లేదు. ఈ ఫలితంతో ‘ఖ’ను ఉంచుకోవడం సబబే.

మీ చేతిలో విభజన లేని చోట

సామాజిక మాధ్యమంలో మామూలుగా పెట్టే పోస్టును ఎవరికి చూపాలో నిర్ణయించేది ఆ మాధ్యమమే. మొదట ఎక్కువ స్పందన వచ్చినదాన్ని అది సాధారణంగా మరింతమందికి చూపుతుంది. అందువల్ల మొదట్లో కాకతాళీయంగా పుట్టిన చిన్న తేడా పెరిగి పెద్దదవుతుంది. అక్కడ మొత్తం లైకులను పోల్చకుండా చూసిన మనుషుల సంఖ్యతో భాగించి పోల్చడం కనీస జాగ్రత్త. అయినా రెండు పోస్టులను చూసినవారు ఒకే రకం మనుషులని చెప్పలేము కనుక, వేల మంది చూసినా అది ఒక పోస్టుకు ఒక ఫలితం మాత్రమే.

డబ్బు కట్టి ప్రకటనగా నడిపితే మెటా వంటి సంస్థల ప్రకటనల విభాగంలో ఎ/బి టెస్ట్ సదుపాయం ఉంది. ఒకరికి రెండు రూపాలూ కనిపించకుండా అది పాఠకులను విడదీస్తుంది. అయితే ఒక్కొక్క వైపు లోపల ఆ రూపానికి స్పందించే అవకాశం ఉన్నవారిని వెతికి మరీ చూపుతుంది. ‘ఖ’ను పిల్లల తల్లిదండ్రులకు, ‘క’ను సాంకేతిక విషయాల మీద ఆసక్తి ఉన్నవారికి ఎక్కువగా చూపితే వచ్చిన తేడా ఎత్తుగడదా, చూసినవారిదా అన్న ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది. ప్రకటన వరకు ఏది బాగా నడుస్తుందో చెప్పడానికి ఆ ఫలితం చాలు. మీ రచనా ధోరణిని దాని మీద నిలబెట్టకండి.

డబ్బు లేకుండా చేయదలిస్తే ఒక్క పోస్టును రెండుసార్లు పెట్టే బదులు ధోరణులను పరీక్షించండి. నిడివిలో, విషయంలో దగ్గరగా ఉన్న పాత పోస్టులను జతలుగా తీసుకోండి. ప్రతి జతలో ఏ పోస్టుకు పరిచయం తరహా ఎత్తుగడ, ఏ పోస్టుకు నష్టాన్ని చూపే ఎత్తుగడ అన్నది నాణెం ఎగరేసి నిర్ణయించండి. వాటిని వరుస వారాల్లో ఒకే రోజున, ఒకే వేళకు పెట్టండి. ఏది ముందన్నదీ నాణెమే చెప్పాలి. జతలో ఏ ధోరణికి స్పందన శాతం ఎక్కువ వచ్చిందో మాత్రమే రాసుకోండి. 10 జతల్లో 9 ఒకే వైపు మొగ్గితే అది కాకతాళీయంగా జరిగే అవకాశం 2 శాతమే. 8 మాత్రమే మొగ్గితే ఆ అవకాశం 11 శాతం దాకా ఉంటుంది కనుక ఇంకొన్ని జతలతో కొత్తగా పరీక్షించడం మంచిది. ఇది నెలల తరబడి సాగే పని. అయితే దీనితో తేలేది ఒక్క పోస్టు సంగతి మాత్రమే కాదు, మీ పాఠకులకు ఆ ధోరణి నచ్చుతుందా లేదా అన్నది కూడా.

తరువాతి విడత

మన ఉదాహరణలో ‘ఖ’ లోపలికి తెచ్చిన కొత్త పాఠకుల్లో చాలామంది ఎక్కడ ఆగిపోయారో చూడండి. ప్రతి పేరా తెర మీదకు వచ్చినవారి సంఖ్యను నమోదు చేసి ఉంటే ఇది వెంటనే తెలుస్తుంది. ఎత్తుగడ ‘ఈ రోజే చేయదగిన ఏర్పాటు’ అని మాట ఇచ్చింది. అయితే రెండు రూపాలకూ ఉమ్మడిగా ఉంచిన రెండో పేరా, ఫోటోలను భద్రపరచడం ఎందుకు అవసరమో మళ్లీ చెబుతూ కూర్చుంటే, వచ్చినవారు అక్కడే వెళ్లిపోయి ఉంటారు. అలా కనిపిస్తే ఈసారి ఎత్తుగడను ‘ఖ’గానే ఉంచి రెండో పేరాను రెండు రకాలుగా రాయండి. ఒకటి ఇప్పుడున్నదే. మరొకటి ఫోను సెట్టింగుల్లో ఏది నొక్కాలో చెప్పడంతోనే మొదలయ్యేది. ఈసారి తీర్పు కొలత చివరి దాకా చదివినవారి శాతం. అది 7 శాతం దగ్గర ఉంది కనుక, 2 పాయింట్ల తేడాను పట్టుకోవడానికి ఒక్కొక్క రూపానికి సుమారు 2600 మంది, రోజుకు 235 మంది లెక్కన పూర్తి వారాలతో 28 రోజులు కావాలి. పాత కేటాయింపు కొత్త పరీక్షలో కలవకుండా కోడులోని "opening" అన్న పేరును "para2"గా మార్చి మొదలుపెట్టండి.